నినాదం ఎవరి మాట?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య స్థాపించిన సంస్థ అది. మిరప, పత్తి రైతులు పంట రుణం కోసం ఎక్కే మెట్ల పైన బోర్డు మారింది. బోర్డుతో పాటు కొత్త నినాదమూ వచ్చింది: ‘గుడ్ పీపుల్ టు బ్యాంక్ విత్’.

తెలుగు చెప్పేవాణ్ణి గనుక దీన్ని తెలుగు చేయబోయాను. ‘బ్యాంకు వ్యవహారాలు జరుపుకోవడానికి మంచివాళ్లు’ అన్నాను. అర్థం తప్పలేదు గాని నినాదం చచ్చిపోయింది. ఇంగ్లీషులో ‘బ్యాంక్’ అన్నది అక్కడ క్రియ. తెలుగులో ఆ క్రియ లేదు. హిందీలో ‘అచ్ఛే లోగ్, అచ్ఛా బ్యాంక్’ అన్నారు. ఆ దారినే ‘మంచి మనుషులు, మంచి బ్యాంకు’ అంటే మన నోటికి పలుకుతుంది. ఇక్కడ మక్కికి మక్కి పనికిరాదు, అనుసరణే గతి. ఇందులో పోయినదీ పెద్దగా లేదు, ఎందుకంటే ఈ నినాదం కొలిచి చూడగల హామీ ఏదీ ఇవ్వదు.

మన విమర్శకులు చాలామంది ఈ చర్చను ఇక్కడితో ఆపేస్తారు. జీవమున్న అనుసరణ మేలు, జీవం లేని మూలవిధేయత కీడు అని తీర్పు చెబుతారు. ఈ తీర్పు పత్తిచేలో నిలవదు.

అసలు అనువదించకుండా వదిలేసిన నినాదాలూ ఉన్నాయి. 1940లలో ప్రభుత్వం ‘గ్రో మోర్ ఫుడ్’ అని ప్రచారం చేసింది. 1961లో ఏర్పడి, 1967లో విశాఖలో ఉత్పత్తి మొదలుపెట్టిన కోరమాండల్ ఫెర్టిలైజర్స్ ఎరువు పేరులోనూ ఆ మాటలే వినిపిస్తాయి: ‘గ్రోమోర్’. ‘ఎక్కువ పండించు’ అనే ఆజ్ఞ ఇంగ్లీషు వచ్చినవాడికే వినిపిస్తుంది. మన రైతుకు అది బస్తా పేరు మాత్రమే. మాట అర్థం కాకపోవడం వల్ల ఇక్కడ మోసమేమీ లేదు. ఎరువును రైతు పైరులో చూసి తేల్చుకున్నాడు, పేరులో చూసి కాదు.

2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మహికో సంస్థ హైబ్రిడ్లలో ఉన్న ఆ గుణానికి పెట్టిన వ్యాపారనామం ‘బోల్‌గార్డ్’. పేరే నినాదం: బోల్ అంటే పత్తికాయ, గార్డ్ అంటే కాపలా. ‘కాయకు కాపలా’ అంటే మూలానికి మూలం. ‘పురుగు పట్టని పత్తి’ అంటే అనుసరణ. రెండోది చెవికి ఇంపుగా ఉంది, వ్యవసాయదారుడి నోటి మాటలా ఉంది. కాని అది అబద్ధం.

ఆ విత్తనంలోని విషం కాయ తొలిచే గొంగళి పురుగులకే ముప్పు. తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక వంటి రసం పీల్చే పురుగులను అది ఏమీ చేయదు. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తుడిచిపెట్టి రైతులను ఆత్మహత్యలకు నెట్టినదాంట్లో ముఖ్యపాత్ర తెల్లదోమది. ఆ గాయం ఉన్న నేల మీద ‘పురుగు పట్టని’ అన్న మాట విన్నవాడు ఏమని అర్థం చేసుకుంటాడు? మందు ఖర్చు లేదనుకుంటాడు, ఆ లెక్కతోనే అప్పు చేస్తాడు. అనుసరించిన కలం కంపెనీ ఇవ్వని హామీని కంపెనీ పేర ఇచ్చినట్లయింది. నష్టం వచ్చిన రోజున మూలంలో ఆ మాట లేదని కంపెనీ అంటుంది. అనువాదకుడు ఎవరికీ కనపడడు.

ఈ రెండు వాక్యాలూ నేను తొమ్మిదో తరగతి నల్లబల్ల మీద రాసి ఏది బాగుందని అడిగాను. తరగతంతా రెండోదానికి చేతులెత్తింది. పత్తి పండించే ఇంటి పిల్ల ఒకతె మాత్రం లేచి, ‘‘కాపలా అంటే ఎన్నాళ్లండీ, మాస్టారూ?’’ అంది. సరైన ప్రశ్న. పైరు ముదిరేకొద్దీ మొక్కలో ఆ విషం తగ్గుతుంది, చివరి కోతల నాటికి కాపలా సన్నగిల్లుతుంది. ‘కాపలా’ అన్న మాట ఆ ప్రశ్నకు చోటిచ్చింది. ‘పట్టని’ అన్న మాట దాన్ని నోరెత్తనివ్వలేదు.

2005లో మన రాష్ట్రంలో మహికో మొదటి మూడు హైబ్రిడ్లకు అనుమతి పొడిగించలేదు. తర్వాతి ఏళ్లలో గులాబీరంగు పురుగు ఆ విషానికి అలవాటుపడింది. అప్పుడు ‘కాయకు కాపలా’ కూడా విఫలమైంది. అయినా విఫలమైనది ఏ మాటో వేలెత్తి చూపించవచ్చు. మూలవిధేయత వల్ల రైతుకు దక్కేది ఆ వేలెత్తే హక్కే.

కనుక నినాదాన్ని ముట్టుకునేముందు అందులో హామీ ఉందా అని చూడాలి. లేకపోతే లయకోసం ఎంతైనా మార్చుకోవచ్చు. ఉంటే ఆ హామీ కొలతను అంగుళం పెంచకూడదు. అది తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. తెలుగు వాక్యాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, దాని కింద సంతకం పెడతావా అని కంపెనీని అడగాలి. పెట్టనంటే ఆ వాక్యం ఎంత అందంగా ఉన్నా చెరిపేయాల్సిందే.