తీవ్రత పెంచినా ఎలక్ట్రాన్ శక్తి ఎందుకు పెరగదు? కాంతి విద్యుత్ ఫలితంపై వివరణ

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలోనూ, జేఈఈ, నీట్, ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షల్లోనూ కాంతి విద్యుత్ ఫలితం నుంచి వచ్చే ప్రశ్నలు సాధారణంగా మూడు అంశాల చుట్టూ తిరుగుతుంటాయి. అవి ఆరంభ పౌనఃపున్యం, నిరోధక పొటెన్షియల్, కాంతి తీవ్రత. మొదటి రెండింటికీ సూత్రం గుర్తుంటే సమాధానం వస్తుంది. మూడోదానికి సూత్రం సరిపోదు. తీవ్రత మారితే ఎలక్ట్రాన్ శక్తి మారదన్న వాక్యం చాలామందికి కంఠస్థమే. ఎందుకు మారదని అడిగితే మాత్రం సమాధానం తడబడుతుంది. ఒకే ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా అనుసరిస్తే ఈ కారణం స్పష్టమవుతుంది.

శూన్యం చేసిన గాజు నాళికలో పొటాషియం పూత పూసిన పలక ఉందనుకుందాం. దీన్ని ఉద్గారిణి అంటారు. దానికి ఎదురుగా ఉన్న మరో ఎలక్ట్రోడు సేకరిణి. పాదరస దీపం నుంచి వచ్చే కాంతిని వడపోసి, ఒక్కో రంగును విడివిడిగా ఉద్గారిణిపై పడనిస్తాం. ఆకుపచ్చ గీత తరంగదైర్ఘ్యం 546 నానోమీటర్లు, నీలం గీతది 436, అతినీలలోహిత గీతది 365. పొటాషియం పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్ ఆ లోహాన్ని విడిచి రావడానికి కావలసిన కనీస శక్తి, 2.30 ఎలక్ట్రాన్ వోల్టులు.

గడప దాటని ఆకుపచ్చ

ఫోటాన్ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే చాలు. ఆ లెక్కన ఆకుపచ్చ ఫోటాన్ శక్తి 2.27, నీలం ఫోటాన్ శక్తి 2.84, అతినీలలోహిత ఫోటాన్ శక్తి 3.40 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆకుపచ్చకు కావలసినదానికంటే 0.03 మాత్రమే తక్కువ. అయినా ఆ కాంతితో కొలవదగిన ఎలక్ట్రాన్ ప్రవాహం రాదు. దీపాన్ని దగ్గరకు జరిపినా, పక్కన మరో దీపం పెట్టినా ఫలితం అదే.

పని ప్రమేయాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది ఆరంభ పౌనఃపున్యం. పొటాషియానికి అది సుమారు 5.56×10¹⁴ హెర్ట్జ్. ఆకుపచ్చ గీత పౌనఃపున్యం 5.49×10¹⁴. మూలభాషలో ఈ భావనకు వాడిన మాటకు అర్థం గడప. తెలుగు పారిభాషిక పదంలోని 'ఆరంభ' అనే మాట ఏదో అక్కడ క్రమంగా మొదలవుతుందన్న భావాన్ని కలిగిస్తుంది. గడప అన్న పోలికే ఇక్కడ విషయానికి దగ్గరగా ఉంది. దాన్ని దాటడమో దాటకపోవడమో తప్ప, సగం దాటడం ఉండదు. ఇదే హద్దును తరంగదైర్ఘ్యంలో చెబితే 539 నానోమీటర్లు అవుతుంది. అప్పుడు దిశ తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. పౌనఃపున్యం హద్దుకు పైన ఉండాలి, తరంగదైర్ఘ్యం హద్దుకు లోపల ఉండాలి.

నిరోధక పొటెన్షియల్ కొలిచేది దేన్ని?

ఇప్పుడు నీలం కాంతిని పడనిద్దాం. ఫోటాన్ తెచ్చిన 2.84లో 2.30 లోహాన్ని విడిచేందుకే ఖర్చవుతుంది. మిగిలిన 0.54 ఎలక్ట్రాన్ వోల్టులు గతిజశక్తిగా మారతాయి. సేకరిణిని ఉద్గారిణి కంటే రుణాత్మకంగా ఉంచి, ఆ వోల్టేజీని క్రమంగా పెంచితే ప్రవాహం తగ్గుతూ 0.54 వోల్టుల వద్ద సున్నా అవుతుంది. అదే నిరోధక పొటెన్షియల్. పేరులోని నిరోధానికి, ఓమ్ నియమంలో వచ్చే విద్యుత్ నిరోధానికి సంబంధం లేదు. ఇక్కడ జరిగేది ఎలక్ట్రాన్లను ఎదురు నిలిచి ఆపడం.

eV₀ = hν − φ

ఈ సమీకరణంలో V₀ నిరోధక పొటెన్షియల్, φ పని ప్రమేయం. దీన్ని వాడేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. బయటకు వచ్చిన ఎలక్ట్రాన్లన్నింటికీ 0.54 శక్తి ఉంటుందని భావిస్తారు. నిజానికి అది గరిష్ఠ విలువ. లోహంలో కొంత లోతు నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు దారిలో ఢీకొంటూ శక్తిని పోగొట్టుకుంటాయి. అవి 0.1తోనో, 0.3తోనో బయటపడతాయి. అందుకే ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోకుండా మెల్లగా తగ్గుతుంది. చివరగా ఆగేది అన్నింటికంటే వేగమైన ఎలక్ట్రాన్. నిరోధక పొటెన్షియల్ దాన్నొక్కదాన్నే కొలుస్తుంది.

అతినీలలోహిత గీతతో ఇదే ప్రయోగం చేస్తే 1.10 వోల్టులు వస్తుంది. రెండు గీతల పౌనఃపున్యాల తేడా 1.33×10¹⁴ హెర్ట్జ్, వోల్టేజీల తేడా సుమారు 0.55. రెండోదాన్ని మొదటిదానితో భాగించి ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే దాదాపు 6.6×10⁻³⁴ జౌల్ సెకన్లు. అదే ప్లాంక్ స్థిరాంకం. రాబర్ట్ మిల్లికన్ 1916లో ప్రచురించిన కొలతలకు ఆధారం ఈ పద్ధతే. గాలి తగిలితే క్షార లోహాల ఉపరితలం పాడవుతుంది కాబట్టి, శూన్యంలోనే లోహాన్ని చెక్కి తాజా ఉపరితలం తెచ్చే ఏర్పాటును ఆయన నాళిక లోపలే అమర్చారు. ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన సమీకరణం సరైనదేనని ఆ కొలతలు తేల్చాయి. విచిత్రమేమంటే, ఆ సమీకరణం వెనుక ఉన్న కాంతి కణాల భావనను మిల్లికన్ అప్పటికి అంగీకరించలేదు.

తీవ్రత పెంచితే ఏం జరుగుతుంది?

ఒక చదరపు సెంటీమీటరు పలకపై ఒక మిల్లీవాట్ నీలం కాంతి పడుతోందనుకుందాం. ఒక్కో ఫోటాన్ శక్తి 4.56×10⁻¹⁹ జౌళ్లు కాబట్టి, సెకనుకు సుమారు 2.2×10¹⁵ ఫోటాన్లు పలకను చేరతాయి. వెయ్యింటిలో ఒకటి ఎలక్ట్రాన్‌ను బయటకు పంపుతుందని అనుకుంటే ప్రవాహం 0.35 మైక్రోఆంపియర్లు. కాంతిని రెండు మిల్లీవాట్లకు పెంచితే ఫోటాన్ల సంఖ్య, ప్రవాహం రెండూ రెట్టింపవుతాయి. వచ్చే ఒక్కో ఫోటాన్ మాత్రం అదే 2.84 ఎలక్ట్రాన్ వోల్టులను తెస్తుంది. నిరోధక పొటెన్షియల్ 0.54 వద్దే నిలుస్తుంది.

పాఠ్యపుస్తకాల వివరణ ఇక్కడితో ఆగుతుంది. ఆలోచించే విద్యార్థికి అసలు సందేహం ఇక్కడే మొదలవుతుంది. ఫోటాన్లు రెట్టింపైనప్పుడు ఒకే ఎలక్ట్రాన్ రెండింటిని ఎందుకు తీసుకోకూడదు? రెండు నీలం ఫోటాన్లు తీసుకుంటే శక్తి పెరగాలి కదా? రెండు ఆకుపచ్చ ఫోటాన్లు కలిస్తే గడప కూడా దాటవచ్చు కదా?

సూత్రరీత్యా నిషేధమేమీ లేదు. అడ్డు వచ్చేది సంభావ్యత. పొటాషియం ఉపరితలంపై చదరపు సెంటీమీటరుకు సుమారు 5×10¹⁴ పరమాణువులు ఉంటాయి. వచ్చిన ఫోటాన్లన్నీ పై పొరలోనే శోషణ చెందుతాయనుకున్నా, ఒక్కో పరమాణువు వాటాకు సెకనుకు నాలుగైదు మాత్రమే వస్తాయి. మరోవైపు, ఫోటాన్ శక్తిని తీసుకున్న ఎలక్ట్రాన్ దాన్ని ఎక్కువసేపు నిలుపుకోలేదు. సెకనులో 10¹⁴ వంతుల్లో ఒకటి రెండు వంతుల స్థాయి కాలంలోనే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లకు పంచేస్తుంది, లేదా బయటపడుతుంది. అంత స్వల్ప వ్యవధిలో అదే చోటికి రెండో ఫోటాన్ వచ్చే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కంటే కూడా తక్కువ. తీవ్రతను రెట్టింపు చేస్తే ఆ అవకాశమూ పెరుగుతుంది కానీ, దీపపు కాంతి ఉన్నంతకాలం దాన్ని సున్నాగా భావించవచ్చు.

ఫిలిప్ లెనార్డ్ 1902లో ఈ వాస్తవాన్ని ప్రయోగంలో గమనించినప్పుడు అది అర్థంకాని విషయంగానే మిగిలింది. కాంతిని తరంగంగా మాత్రమే చూస్తే, తీవ్రత పెరిగినకొద్దీ ఎలక్ట్రాన్‌పై పనిచేసే విద్యుత్ క్షేత్రం బలపడాలి, అది మరింత వేగంగా బయటకు రావాలి. అలా జరగకపోవడంతో, ఎలక్ట్రాన్లకు ఆ శక్తి పరమాణువులోనే ముందుగా ఉంటుందని, కాంతి దాన్ని విడుదల చేయడానికి మాత్రమే పనికొస్తుందని లెనార్డ్ భావించారు.

ఒక చిక్కు ప్రశ్న

తీవ్రతను స్థిరంగా ఉంచి పౌనఃపున్యాన్ని పెంచితే సంతృప్త ప్రవాహం ఏమవుతుంది? మారదని రాసేవారే ఎక్కువ. మన ఉదాహరణలో నీలం బదులు ఒక మిల్లీవాట్ అతినీలలోహిత కాంతిని వాడదాం. ఒక్కో ఫోటాన్ శక్తి పెరిగింది కాబట్టి, అదే మిల్లీవాట్‌లో ఇమిడే ఫోటాన్లు తగ్గి సెకనుకు 1.84×10¹⁵ అవుతాయి. వెయ్యికి ఒకటి అన్న నిష్పత్తి మారదనుకుంటే ప్రవాహం 0.35 నుంచి 0.29 మైక్రోఆంపియర్లకు తగ్గుతుంది, నిరోధక పొటెన్షియల్ మాత్రం పెరుగుతుంది. నిజమైన లోహంలో ఆ నిష్పత్తి కూడా పౌనఃపున్యంతో మారుతుంది. అందువల్ల ఏ ఊహపై సమాధానం ఆధారపడిందో ప్రశ్నలోనే చెప్పాలి. చెప్పని ప్రశ్నపత్రాలు తక్కువేమీ కావు.

ప్రయోగశాలలో తీవ్రతతో మారినట్లు కనిపిస్తే

కళాశాల ప్రయోగశాలలో మసక కాంతితో కొలిచినప్పుడు 0.50, ప్రకాశవంతమైన కాంతితో 0.53 అని నోటుపుస్తకంలో నమోదయ్యే సందర్భాలుంటాయి. సిద్ధాంతం తప్పలేదు. ప్రవాహం సున్నాను సమీపించే భాగంలో గ్రాఫు చాలా వాలుగా అక్షాన్ని చేరుతుంది. మసక కాంతిలో ఆ చివరి కొద్దిపాటి ప్రవాహం మీటరుకు అందదు, ముందే సున్నా అయినట్లు కనిపిస్తుంది. కాంతి పెరిగితే ఆ కొస మరికొంత దూరం కనబడుతుంది. ఇది కొలత లోపమేనని గుర్తించే మార్గముంది. తీవ్రతను రెండింతలు, నాలుగింతలు చేస్తూ పోతే రీడింగులు అదే నిష్పత్తిలో పెరగవు, ఒక విలువ దగ్గరకు చేరి నిలిచిపోతాయి.

మరో లోపం సేకరిణి నుంచి వస్తుంది. చెదిరిన కాంతి సేకరిణిపై పడితే అదీ ఎలక్ట్రాన్లను విడుస్తుంది. ప్రవాహం సున్నా దాటి కొద్దిగా రుణాత్మకమైతే కారణం ఇదేనని గ్రహించాలి. అప్పుడు సున్నా బిందువు అసలు స్థానం కంటే ముందే వస్తుంది.

దీపం స్థానంలో లేజర్ ఉంటే

1960లలో లేజర్లు వచ్చాక రెండు ఫోటాన్ల సంభావ్యత ప్రయోగానికి అందింది. మిల్లీవాట్ దీపపు శక్తిని సెకనంతా పరచకుండా, అత్యల్ప కాలపు స్పందనలుగా కుదించి సూదిమొనంత చోట కేంద్రీకరిస్తే, ఒకే ఎలక్ట్రాన్‌కు రెండు ఫోటాన్లు అందే సందర్భాలు లెక్కించదగినన్ని వస్తాయి. అప్పుడు ఆకుపచ్చ కాంతి కూడా పొటాషియం నుంచి ఎలక్ట్రాన్లను రప్పిస్తుంది. ఆ ప్రవాహం తీవ్రతకు అనులోమంగా కాక, తీవ్రత వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఇది రెండు ఫోటాన్ల పనేనని పరిశోధకులు తేల్చుకునేది ఈ లక్షణంతోనే. అక్కడ కూడా ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తిని నిర్ణయించేది 2hν − φ. తీవ్రత ఆ సందర్భాల సంఖ్యను పెంచుతుంది.