సోలార్ యాప్‌లో ఏ అంకె దేనికి? కోడ్ వస్తే ఎవరిని పిలవాలి?

మేడ మీద సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో చాలావరకు చైనా ఇన్వర్టర్లే ఉంటాయి. సోలిస్, గ్రోవాట్, సన్‌గ్రో... కంపెనీ ఏదైనా యాప్ చూసే పద్ధతి దాదాపు ఒకటే. నెలాఖరుకు బిల్లు రాగానే ఇంట్లో మొదటి ప్రశ్న కూడా ఒకటే: యాప్‌లో అన్ని యూనిట్లు కనిపిస్తుంటే బిల్లులో ఇంత తక్కువేంటి?

యాప్ చూపే ఈరోజు ఉత్పత్తి ఇన్వర్టర్ తయారుచేసిన మొత్తం కరెంటు. అందులో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు వాడుకోగా మిగిలిందే బయటి లైనుకు వెళ్తుంది. ఎంత వెళ్లిందో కొలవాలంటే ఇన్వర్టర్‌కు విడిగా స్మార్ట్ మీటరుగానీ సీటీగానీ తగిలించాలి. చాలా ఇళ్లలో అది ఉండదు. అప్పుడు యాప్‌లోని ఎక్స్‌పోర్ట్ అంకెను పట్టించుకోకూడదు. విద్యుత్ సంస్థ పెట్టిన నెట్ మీటరులోని అంకే లెక్క.

ఉదాహరణకు 3 కిలోవాట్ల ప్లాంటు ఒకరోజు 12 యూనిట్లు తీసింది. నెట్ మీటరులో ఎక్స్‌పోర్ట్ రీడింగ్ పొద్దున 1204, సాయంత్రం 1211. అంటే 7 యూనిట్లు బయటికి వెళ్లాయి, మిగతా 5 ఇంట్లోనే ఖర్చయ్యాయి. రాత్రి లైను నుంచి 6 తీసుకుంటే ఆ రోజు ఇంటి వాడకం 11 యూనిట్లు, ఖాతాలో మిగిలేది 1. యాప్‌లోని 12 బిల్లులో ఎక్కడా కనిపించదు. అది తప్పు కాదు.

ఇక కోడ్‌ల సంగతి. సోలిస్‌లో NO-GRID అంటే కరెంటు పోయిందనే. కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది, లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా. వానపడిన మర్నాడు PV ISO-PRO వస్తే ప్యానెళ్ల వైర్లలోకి తడి చేరి ఉండొచ్చు. ఆ వైర్లు ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడదు, ఇన్‌స్టాలర్‌నే పిలవాలి.

జేబుకు గండి కొట్టేది మాత్రం OV-G-Vతో మొదలయ్యే కోడ్. లైను వోల్టేజీ పరిమితి దాటిందని దాని అర్థం. పరిమితి సాధారణంగా 253 వోల్టుల దగ్గర ఉంటుంది. మంచి ఎండలో, 11 నుంచి 2 గంటల మధ్య గ్రాఫు ఒక్కసారిగా సున్నాకు పడి, కాసేపటికి మళ్లీ లేస్తుంటే ఇదే అనుకోవచ్చు. మబ్బు పడితే గ్రాఫు తగ్గుతుందే గానీ సున్నాకు పోదు.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. ఇన్వర్టర్ జోరుగా నడుస్తున్నప్పుడు, ఆగిన తర్వాత కాదు, యాప్‌లోని ఏసీ వోల్టేజీని, నెట్ మీటరు చూపే వోల్టేజీని ఒకే సమయంలో రాసుకోవాలి. యాప్‌లో 252, మీటరులో 242 ఉంటే మధ్యలో వైరు సన్నమైనదో, జాయింటు వదులైందో. అది ఇన్‌స్టాలర్ పని. రెండుచోట్లా 250 దాటితే లైన్లోనే ఎక్కువుంది. యాప్ గ్రాఫు, మీటరు ఫోటో తేదీ, సమయంతో సహా జతచేసి విద్యుత్ సంస్థకు ఫిర్యాదు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ తగ్గించడం వాళ్ల చేతిలోనే ఉంది. ఇన్వర్టర్‌లో పరిమితిని పెంచేస్తానని మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు. ఆ ఎక్కువ వోల్టేజీ ఇంట్లోని టీవీకి, ఫ్రిజ్‌కు కూడా వస్తుంది.