ఇల్లు మారేటప్పుడు పాత ఓనర్ లెటర్

లింగంపేట నుంచి హైదరాబాద్‌కు మారే కుటుంబం గురించి అక్కడి ఓనర్‌కు ఏమీ తెలియదు. కిరాయి టైముకు వస్తుందా అన్నదే ఆయన అనుమానం. పాత ఓనర్ లెటర్ దానికే జవాబివ్వాలి. "మంచివాళ్లు" అంటే సరిపోదు. ఉదాహరణకు: "వీరు 2021 జూన్ నుంచి మా ఇంట్లో కిరాయికి ఉంటున్నారు. నెలకు 4,000 రూపాయలు 5వ తేదీలోపు కడుతున్నారు. ఇవాళ్టి వరకు కిరాయి, కరెంటు బిల్లు బాకీ లేవు. ఉద్యోగం కోసం మారుతున్నారు."

పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి; స్పెల్లింగ్ తేడా వస్తే కొత్త ఓనర్‌కు అనుమానం వస్తుంది. కింద తేదీ, సంతకం, ఇంటి నంబరు, ఓనర్ ఫోన్ నంబరు ఉండాలి. ఫోన్ చేసి కనుక్కునే వీలు లేని లెటర్‌కు విలువ తక్కువ. ఇది సిఫారసు మాత్రమే, కాబట్టి తెల్ల కాగితం చాలు. కొత్త ఇంటికి కిరాయి అగ్రిమెంటు విడిగా రాసుకోవాల్సిందే. ఇల్లు వెతకడం ఖాళీ చేయకముందే మొదలవుతుంది కాబట్టి లెటర్ కూడా అప్పుడే తీసుకోవాలి.