నికాహ్, ఓటు, లైసెన్స్: 18 ఏళ్లు ఏ రోజుకు నిండాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ముస్లిం ఇళ్లలో పిల్లల వయసు మాట వస్తే నానీ, దాదీలు తరచుగా రంజాన్ లెక్క చెబుతారు. "రంజాన్ నెలలో పుట్టింది, మళ్లీ 18 రంజాన్లు వచ్చేశాయి" అంటారు. ఇంటి వరకు ఆ లెక్క సరైనదే. చట్టం మాత్రం దాన్ని ఒప్పుకోదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం కేంద్ర చట్టాల్లో సంవత్సరం అంటే ఇంగ్లిష్ కేలండర్ సంవత్సరం. హిజ్రీ సంవత్సరం దానికంటే దాదాపు 11 రోజులు చిన్నది. 18 ఏళ్లు గడిచేసరికి ఈ తేడా ఆరు నెలలు దాటిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రేపల్లె అమ్మాయి ఒకరు 2008 సెప్టెంబర్ 10న, రంజాన్ నెలలో పుట్టారనుకోండి. 2026 ఫిబ్రవరిలో మొదలైన రంజాన్‌తో దాదీ లెక్కలో 18 నిండాయి. ఈద్ అయ్యాక, ఏప్రిల్ 5 ఆదివారం నికాహ్ పెట్టుకుందామని పెద్దలు అనుకున్నారు. కాగితం ప్రకారం ఆ రోజుకు అమ్మాయి వయసు 17 ఏళ్ల 6 నెలల 26 రోజులే. ఇంకా ఐదు నెలలకు పైగా ఆగాలి.

సరిచూసుకునే పద్ధతి తేలిక. పుట్టిన సంవత్సరానికి 18 కలపాలి, నెల, తేదీ మార్చకూడదు. 2008కి 18 కలిపితే 2026 సెప్టెంబర్ 10. ఆ రోజు మొదలవగానే, అంటే ముందు రాత్రి 12 దాటగానే, 18 నిండినట్టు లెక్క. 1875 నాటి మెజారిటీ చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. కొందరు రోజులన్నీ లెక్కేసి 365తో భాగిస్తారు. అలా చేస్తే లీపు సంవత్సరాల వల్ల నాలుగైదు రోజులు ముందే 18 వచ్చేసినట్టు కనబడుతుంది. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లు మామూలు సంవత్సరంలో మార్చి 1 దాకా ఆగడం మంచిది.

పెళ్లికి చూసేది నికాహ్ జరిగే రోజు వయసు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. అమ్మాయిలకు కూడా 21 చేయాలని 2021లో లోక్‌సభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. బాలిగ్ అయితే చాలు కదా అనేవాళ్లూ ఉంటారు. ముస్లిం పర్సనల్ లా విషయంలో హైకోర్టులు వేర్వేరు తీర్పులు ఇచ్చిన మాట నిజమే. అయినా వాటిని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోవడం ప్రమాదం. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద పెళ్లి చేయించినవారికి, ప్రోత్సహించిన పెద్దలకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పోక్సో చట్టం 18 లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఖాజీ సాబ్ వయసు రుజువు అడిగితే కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, ఆయన మీద కూడా కేసు పడుతుంది మరి.

ఓటు లెక్క వేరు. పోలింగ్ రోజుకు 18 నిండితే సరిపోదు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అనే నాలుగు అర్హత తేదీల్లో ఒకదానికి నిండి, పేరు జాబితాలో ఉండాలి. పై అమ్మాయికి జులై 1 పనికిరాదు, 2026 అక్టోబర్ 1 వర్తిస్తుంది. 17 దాటినవాళ్లు ఫారం 6తో ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

బండి లైసెన్స్‌కు కూడా 18 నిండాలి. 16 ఏళ్లకు ఇచ్చేది 50 సీసీ దాటని బండికే, ఇప్పుడు ఊళ్లో తిరిగే పెట్రోల్ స్కూటీలు దాదాపు అన్నీ ఆ పరిమితి దాటినవే. ఆటో లాంటి కిరాయి బండికి 20 నిండాలి. మైనర్ బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉండవచ్చు.

లెక్క ఎంత సరిగ్గా వేసినా, మొదలుపెట్టిన తేదీయే తప్పయితే ఏం లాభం? పుట్టినరోజు తెలియక బడిలోనో ఆధార్‌లోనో జనవరి 1 అని రాయించినవాళ్లు ఉన్నారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేదీలు కలవకపోతే నికాహ్ తేదీ ఖాయం చేసుకోకముందే సరిచేయించుకోవాలి.

జనన ధ్రువపత్రం పుట్టిన ఊళ్లోనే దొరుకుతుంది. కాన్పు తెనాలి ఆసుపత్రిలో అయితే, ఇల్లు రేపల్లెలో ఉన్నా, అడగాల్సింది తెనాలి మున్సిపాలిటీలోనే. బాపట్ల, రేపల్లెలో పుట్టినవాళ్ల పాత పత్రంలో గుంటూరు జిల్లా అని ఉంటే అది తప్పు కాదు, బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4నే.