కూలుంబ్ అవరోధం: సూర్యుడి వేడి చాలదన్న లెక్క

హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారడమే నక్షత్రాల శక్తికి మూలం కావచ్చని 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ సూచించాడు. నక్షత్రాల లోపలి వేడి అందుకు చాలదని విమర్శకులు అన్నారు. ఇంతకన్నా వేడైన చోటు ఉంటే వెతుక్కోండని ఎడింగ్టన్ వారికి బదులిచ్చాడు. విమర్శకుల అభ్యంతరంలో బలమెంతో నేటి విలువలతో మీరే లెక్కించి చూడండి.

రెండు కేంద్రకాలూ ధనావేశం గలవి కనుక ఒకదానినొకటి వికర్షించుకొంటాయి. కేంద్రక బలం వాటిని పట్టుకోవాలంటే అవి దాదాపు తాకేంత దగ్గరకు రావాలి. అంతవరకు ఎక్కవలసిన శక్తి మెట్టే కూలుంబ్ అవరోధం. దాని ఎత్తు:

V = 1.44 Z₁Z₂ / r

ఇక్కడ Z₁, Z₂ పరమాణు సంఖ్యలు. r ఫెర్మీలలో ఉంటే V మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. రెండు ప్రోటాన్లకు r = 2 ఫెర్మీలు అనుకొంటే V = 0.72, అంటే 720 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

సూర్యకేంద్రంలో ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల కెల్విన్‌లు. అక్కడ kT విలువ 1.3, కణం సగటు గతిజశక్తి (3/2)kT దాదాపు 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అవరోధం దీనికి 360 రెట్లు. సగటు శక్తే అవరోధమంత కావాలంటే 550 కోట్ల కెల్విన్‌లు అవసరం.

సగటు కన్నా ఎక్కువ వేగం గల కణాలు కొన్ని ఉంటాయి కదా అని మీకు సందేహం రావచ్చు. అలాంటి శక్తి దొరికే అవకాశం సుమారుగా e^(−720/1.3), అంటే 10²⁴⁰లో ఒక వంతు. సూర్యుడిలోని ప్రోటాన్లు మొత్తం 10⁵⁷కు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఈ లెక్క ప్రకారం సూర్యుడు వెలగకూడదు.

చిక్కు లెక్కలో లేదు, మెట్టు ఎక్కితీరాలన్న ఊహలో ఉంది. కణం అవరోధం పైకి ఎక్కకుండానే దాని గుండా దూరిపోయే అవకాశం ఉందని 1928లో జార్జ్ గామో క్వాంటం సిద్ధాంతంతో చూపి, ఆల్ఫా క్షయాన్ని వివరించాడు. గర్నీ, కాండన్‌లు కూడా అదే ఏడాది విడిగా ఇదే నిర్ణయానికి వచ్చారు. మరుసటి ఏడాది అట్కిన్‌సన్, హౌటర్‌మన్స్‌లు దీన్ని నక్షత్రాలకు అన్వయించారు.

శక్తి పెరిగేకొద్దీ దూరిపోవడం తేలికవుతుంది, కాని అంత శక్తి గల కణాలు తగ్గిపోతాయి. ఈ రెండింటి లబ్ధం సూర్యకేంద్రంలో సుమారు 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద గరిష్ఠమవుతుంది. ప్రోటాన్ల సంలీనం ఎక్కువగా జరిగేది ఆ శక్తి దగ్గరే. అంటే అవరోధం ఎత్తులో నూరో వంతైనా లేని శక్తితో!

కనుక V ను సంలీనం మొదలయ్యే శక్తిగా పొరబడకండి. అది పై హద్దు మాత్రమే.

అభ్యాసం: లిథియం, ప్రోటాన్ జంటకు Z₁Z₂ = 3, r = 3.5 ఫెర్మీలుగా తీసుకొని V కనుక్కోండి. 1932లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లు సుమారు 1,25,000 వోల్టులతో త్వరణం చెందించిన ప్రోటాన్లతోనే లిథియం కేంద్రకాన్ని రెండు హీలియం కేంద్రకాలుగా విడగొట్టారు. మీ జవాబును ఆ శక్తితో పోల్చండి.