షుగరు తగ్గిందన్నది ఏ పాటి రుజువు?

"మా పసరు తాగాక అబ్బాయికి షుగరు తగ్గింది, దీనికేమంటారు?" అని నన్ను చాలామంది నిలదీశారు. నేను వాళ్లకి 1922 జనవరిలో టొరాంటోలో జరిగిన సంగతి చెబుతుంటాను.

లియోనార్డ్ థాంప్సన్‌కి అప్పుడు 14 ఏళ్లు, బరువు 30 కిలోలు కూడా లేదు. అతనిది ఇప్పుడు మనం టైపు 1 డయాబెటిస్ అంటున్న జబ్బు. ఇందులో శరీరపు రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. రక్తంలో పేరుకున్న గ్లూకోజు మూత్రంలోకి దిగుతూ నీటిని కూడా లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, ఎంత తాగినా తీరని దాహం. తిన్నది ఒంటికి పట్టక శరీరం తన కండనీ కొవ్వునీ కరిగించుకుంటుంది. కొవ్వు కరగగా వచ్చే కీటోనులు రక్తాన్ని ఆమ్లంగా మార్చి, చివరికి స్పృహ తప్పించి చంపుతాయి.

(సహజ ప్రమేహ రోగి బక్కగా ఉంటాడనీ, దాహం ఎక్కువనీ సుశ్రుత సంహితలో ఉంది. పరిశీలన మెచ్చుకోదగ్గదే. దాన్ని చికిత్సగా అమ్మేవారితోనే పేచీ.)

జనవరి 11న బాంటింగ్, బెస్ట్‌లు తయారుచేసిన పశువుల క్లోమరసాన్ని ఆ కుర్రాడికి ఎక్కించారు. రక్తంలో చక్కెర 440 నుంచి 320కి దిగింది. మన పసరు వైద్యుడైతే ఆ సాయంత్రమే బోర్డు కట్టేవాడు! అక్కడి డాక్టర్లు మాత్రం కీటోనులు పోలేదని, సూది గుచ్చినచోట చీముగడ్డ లేచిందని గమనించి ఆ మందు ఆపేశారు. కాలిప్ అనే రసాయనవేత్త ఆల్కహాలుతో దాన్ని మరింత శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి చక్కెర ఒక్కరోజులో 520 నుంచి 120కి దిగింది, మూత్రంలో కీటోనులు మాయమయ్యాయి. థాంప్సన్ ఇన్సులిన్‌తో 1935 దాకా బతికాడు.

ఇక పసరు సంగతి. జబ్బు బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక చాలామంది పిల్లల్లో మిగిలిన కొద్ది కణాలూ కాస్త కోలుకుంటాయి. కొన్ని వారాలో నెలలో చాలా తక్కువ ఇన్సులిన్ సరిపోతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. సరిగ్గా అప్పుడు పసరు పోస్తే పేరు పసరుకే వస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే కీటోనులు మళ్లీ మొదలవుతాయి. కాబట్టి నేనడిగేది ఒకటే: ఆ అబ్బాయి ఇన్సులిన్ ఎప్పుడు మొదలుపెట్టాడు?

పిల్లవాడు ఉన్నట్టుండి చిక్కిపోతూ, అదేపనిగా నీళ్లు తాగుతూ, రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేస్తుంటే ఆరోజే వేలిచుక్కతో షుగరు చూపించాలి. రేపు పరగడుపున చూద్దామని ఆగకూడదు. ఈ లక్షణాలతో పాటు తిన్నా తినకపోయినా 200 దాటితే అది డయాబెటిసే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో లోతైన శ్వాస, మగత కూడా ఉంటే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.