కోజీ జీవన ఆటలు: ఒక రోజు మానేస్తే ఏమవుతుంది?

కోజీ జీవన ఆటలు వీడియో గేముల్లో ఒక తెగ. వీటిలో ఆటగాడు ఒక చిన్న ఊళ్లో కాపురం పెడతాడు. పొద్దున లేచి మొక్కలకు నీళ్లు పోస్తాడు, చేపలు పడతాడు, ఇరుగుపొరుగును పలకరిస్తాడు, చీకటిపడ్డాక పడుకుంటాడు. చంపాల్సిన శత్రువు, గెలవాల్సిన యుద్ధం సాధారణంగా ఉండవు, ఉన్నా కథకు అవి ఆయువుపట్టు కావు. ఆట ముందుకు సాగేది స్నేహాలతో, ప్రేమలతో, పెళ్లిళ్లతో. పని ఒత్తిడితో అలసినవాళ్లు వీటిని వెతుక్కుంటూ రావడానికి కారణం కత్తి లేకపోవడమేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ఒక రోజు ఆడకుండా మానేస్తే ఆట ఏం చేస్తుంది? మనసుకు విశ్రాంతి దొరుకుతుందో లేదో ఎక్కువగా తేల్చేది ఈ ప్రశ్నే. ఈ ఆటల ముప్పై ఏళ్ల చరిత్రలో దీనికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు.

తొలి జవాబు జపాన్ నుంచి వచ్చింది. యసుహిరో వాడా క్యూషూ దీవిలోని మియజాకి ప్రాంతపు పల్లెటూళ్లో పెరిగి, ఉద్యోగం కోసం టోక్యో చేరాడు. పట్నంలో కొన్నేళ్లు గడిచాక వదిలి వచ్చిన పల్లె విలువ తెలిసిందని, అందులోంచే యుద్ధం లేని ఆట చేయాలన్న ఆలోచన పుట్టిందని ఆయన తర్వాత చెప్పాడు. 1996 ఆగస్టులో సూపర్ ఫామికామ్ యంత్రానికి ‘బొకుజో మొనొగతారి’ విడుదలైంది. మరుసటి ఏడాది అమెరికాలో నట్సుమె సంస్థ దాన్ని ‘హార్వెస్ట్ మూన్’ పేరుతో అమ్మింది. అప్పటికే నింటెండో 64 జపాన్ దుకాణాల్లోకి వచ్చేసింది. పాత యంత్రానికి వచ్చిన పల్లెటూరి ఆట అయినా నిలబడింది.

అందులో కథానాయకుడు తాత వదిలిపెట్టిన పాడుబడ్డ పొలాన్ని బాగుచేస్తాడు. ఊళ్లో ఐదుగురు అమ్మాయిలు ఉంటారు. వాళ్లకు తనపై ఎంత ఇష్టముందో వాళ్ల డైరీలు తెరిచి చూసి తెలుసుకోవచ్చు. వాడా చేసిన తెలివైన ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఆటలో సాయంత్రం ఆరు కాగానే గడియారం ఆగిపోతుంది. పొలం పనులు ఎంతసేపు చేసుకున్నా, బార్‌కు వెళ్లి ఊరివాళ్లతో ఎంతసేపు మాట్లాడినా, ఆటగాడు పడుకునేదాకా తెల్లవారదు. పగలు పరుగులు పెట్టించి, రాత్రిని మాత్రం అతనికే వదిలేసిన ఆట అది. అయితే మానేసిన పనికి అందులో శిక్ష ఉంది. మేత వేయకపోతే ఆవు జబ్బుపడి చనిపోవచ్చు. కోళ్లను బయట వదిలేస్తే రాత్రి అడవి కుక్కలు పడతాయి.

రెండో జవాబు నింటెండోలో పుట్టింది. కత్సుయా ఎగుచి చిబాలోని సొంత ఇంటిని, స్నేహితులను వదిలి ఉద్యోగానికి క్యోటో వచ్చినవాడు. ఆ ఒంటరితనమే తన ఆటకు మూలమని ఆయన చెప్పాడు. 2001 ఏప్రిల్‌లో నింటెండో 64కు వచ్చిన ‘దోబుత్సు నో మొరి’ మరుసటి ఏడాది గేమ్‌క్యూబ్ మీద ‘యానిమల్ క్రాసింగ్’గా అమెరికా చేరింది. దీని కాలం ఆటలోది కాదు, గోడ గడియారంలోది. అందుకోసం జపాన్‌లో అమ్మిన క్యాట్రిడ్జ్‌లోనే గడియారం అమర్చారు. మన ఊళ్లో రాత్రయితే ఆటలోనూ రాత్రే. అంగడి మూసేశాక వెళితే తెల్లారేదాకా ఆగాల్సిందే. కుక్కపిల్ల గాయకుడు కె.కె. స్లైడర్ పాట వినాలంటే శనివారం రాత్రి దాకా ఉండాలి. ఎంత తహతహలాడినా ఒక రోజులో చేయగలిగే పని కొంతే కాబట్టి అరగంట ఆడి మూసేయడం ఇందులో సహజంగానే జరుగుతుంది.

కానీ నిజ కాలానికి ముడిపడితే, మనం లేనప్పుడు కూడా ఊరు నడుస్తూనే ఉంటుంది. కొన్ని వారాలు రాకపోతే వీధుల్లో కలుపు మొలుస్తుంది, ఇంట్లో బొద్దింకలు చేరతాయి, పొరుగువాళ్లు ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావని నిలదీస్తారు. పాత భాగాల్లో ఇష్టమైన జంతు మిత్రుడు మనం లేనప్పుడు ఊరు విడిచి వెళ్లిపోవడమూ ఉండేది. తిరిగొచ్చి ఖాళీ స్థలం చూసి ఏడ్చిన పిల్లలూ పెద్దలూ ఉన్నారు. అయా క్యోగొకు దర్శకత్వంలో 2020 మార్చి 20న వచ్చిన ‘న్యూ హొరైజన్స్’ ఈ బాధను తగ్గించింది. మిత్రుడు వెళ్లాలనుకుంటే ముందు మనల్ని అడుగుతాడు, వద్దంటే ఉండిపోతాడు. నీళ్లు పోయకపోయినా పూలు చావవు. కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించిన తొమ్మిది రోజులకు ఈ ఆట చేతికందింది. ఇళ్లలో చిక్కుకున్నవాళ్లు ఒకరి దీవికి ఒకరు చుట్టపుచూపుగా వెళ్లారు. అమ్మకాలు 4 కోట్లు దాటాయి.

ఈ మధ్యలో ఒక చెడ్డ జవాబు కూడా ఉంది. 2009లో ఫేస్‌బుక్ మీద వచ్చిన ‘ఫార్మ్‌విల్’ మన దేశంలోనూ చాలామంది ఆడారు. వేళకు కోయకపోతే పంట ఎండిపోయేది. పైకి అది పొలమే, లోపల నడిచేది మాత్రం మనిషిని వేళపట్టున వెనక్కి లాగే యంత్రాంగం. పోరు లేని ప్రతి ఆటా ప్రశాంతమైనది కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఉచితంగా దొరికే ఫోన్ ఆటల్లో ఈ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. గంటల లెక్కన కౌంట్‌డౌన్లు, వరస తప్పకుండా వస్తేనే ఇచ్చే బహుమతులు ఉన్నాయంటే ఒత్తిడిలో ఉన్న మనిషి దూరంగా ఉండటం మేలు.

మూడో జవాబు, నా దృష్టిలో అన్నిటికంటే దయగలది, ఒక్కడే కూర్చుని రాసిన ఆట నుంచి వచ్చింది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతానికి చెందిన ఎరిక్ బరోన్ 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నాడు. ఉద్యోగం దొరక్కపోవడంతో, చిన్నప్పుడు ఇష్టపడిన హార్వెస్ట్ మూన్ లాంటి ఆట చేయడం మొదలుపెట్టాడు. పొట్టకూటికి ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేస్తూ, సుమారు నాలుగున్నరేళ్లు బొమ్మలు, సంగీతం, కోడ్, మాటలు అన్నీ తానే సమకూర్చుకున్నాడు. 2016 ఫిబ్రవరి 26న ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ వచ్చింది. 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఇక్కడ ఒక రోజంటే నిజ కాలంలో సుమారు 14 నిమిషాలు. ఉదయం ఆరుకు మొదలై, రాత్రి రెండింటికల్లా మంచమెక్కకపోతే ఆటగాడు సొమ్మసిల్లుతాడు. ఒక ఋతువుకు 28 రోజులు. ఆట మూసేస్తే కాలం ఆగిపోతుంది. ఏడాది తర్వాత తెరిచినా మొక్కలు అలాగే ఉంటాయి, ఎవరూ నిలదీయరు. మేత మరిచినా పశువులు చావవు, ముఖం మాత్రం ముడుచుకుంటాయి.

స్నేహం ఎలా పెరుగుతుందో లియా కథలో చూద్దాం. ఆమె పట్నం వదిలి వచ్చి అడవి అంచున గుడిసెలో ఉండే శిల్పి. ఒక్కో హృదయం గుర్తుకు 250 పాయింట్లు. రోజూ ఒకసారి మాట్లాడితే 20, బాగా నచ్చిన బహుమతికి 80 వస్తాయి. బహుమతులు వారానికి రెండే ఇవ్వవచ్చు. లియాకు సలాడ్ అంటే ప్రాణం. ఊళ్లోని సెలూన్‌లో 220 నాణేలకు దొరుకుతుంది. వారానికి రెండు సలాడ్లు, రోజూ ఒక పలకరింపు అంటే వారానికి 300 పాయింట్లు. ఎనిమిది హృదయాలకు 2,000 కావాలి కాబట్టి దాదాపు ఏడు వారాలు పడుతుంది. నిజ కాలంలో పదకొండు గంటల ఆట అన్నమాట. ఒక రోజు పలకరించకపోతే పోయేది రెండు పాయింట్లే. ఎనిమిది దాటాలంటే పూలగుత్తి ఇవ్వాలి. పదికి చేరాక, ఇంటిని పెంచుకుని, సముద్రతీరంలో విరిగిన వంతెనను 300 కర్రలతో బాగుచేసి, వాన కురిసే రోజున అక్కడి ముసలి నావికుడి దగ్గర 5,000 నాణేలకు లాకెట్ కొని పెళ్లి అడగాలి. పన్నెండుమందిలో ఎవరినైనా, ఆడమగ తేడా లేకుండా పెళ్లాడవచ్చు. ఈ దారిలో ఎక్కడా కత్తి ఎత్తనక్కర్లేదు.

అయితే ఆటలో గని ఉంది, గనిలో రాక్షసులున్నాయి. రాగి, ఇనుము కమ్మరి దగ్గర కొనుక్కోవచ్చు. కానీ ఊరి సామాజిక భవనాన్ని బాగుచేయడానికి ఇవ్వాల్సిన వస్తువుల్లో రాక్షసుల నుంచి వచ్చేవి రెండు తప్పవు. వాటిని మురుగుకాల్వలో ఉండే క్రోబస్ అమ్ముతాడు, అక్కడికి వెళ్లే తాళంచెవి మాత్రం మ్యూజియానికి 60 వస్తువులు ఇచ్చాకే దొరుకుతుంది. గనిలో దిగకుండా అన్ని పోగుచేయడం కష్టం. గనిలో రాక్షసులను ఆపేసే అమరిక ఆటలో లేదు. కాబట్టి పోరంటే అసలే పడనివారు ఈ భవనం పనిని వదిలేసి మనుషుల మధ్య గడపడమే మంచిది. ఇంకో చిక్కు గడియారంతోనే వస్తుంది. ఏ పంట ఎప్పుడు వేస్తే లాభమో పట్టిక రాసుకుని ఆడటం మొదలైతే, 14 నిమిషాల రోజు మళ్లీ ఆఫీసు పనిలాగే మారుతుంది. రాత్రి రెండు కొట్టేలోపు ఇల్లు చేరాలన్న కంగారు పదేపదే కలుగుతోందంటే ఆట తీరు మార్చుకోవాలి, లేదా ఇంకొకటి ఎంచుకోవాలి.

అలాంటివారికి ఇప్పుడు దారులున్నాయి. పొలానికి కత్తిని జోడించిన శాఖ 2006లో ‘రూన్ ఫ్యాక్టరీ’తో విడిపోయింది, దాన్ని పక్కన పెట్టవచ్చు. వాడా మొదలుపెట్టిన అసలు శాఖ, పేరు హక్కు నట్సుమె దగ్గరే ఉండిపోవడంతో 2015 నుంచి అమెరికాలో ‘స్టోరీ ఆఫ్ సీజన్స్’గా వస్తోంది. అందులో ‘ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్’ కొత్త కూర్పులో గని ఉన్నా రాక్షసులు లేవు. 2022లో వచ్చిన ఆస్ట్రేలియా ఆట ‘వైల్డ్ ఫ్లవర్స్’లో అమ్మమ్మ ఊరికి చేరిన అమ్మాయి వ్యవసాయంతోపాటు మంత్రవిద్య నేర్చుకుంటుంది. పోరు లేదు, ఊరివాళ్లందరి మాటలూ గొంతులతో వినిపిస్తాయి.

వీటివల్ల మనసు నిజంగా కుదుటపడుతుందా? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో ఆటగాళ్ల మాట మీద ఆధారపడకుండా, కంపెనీ ఇచ్చిన అసలు ఆట సమయాలతో న్యూ హొరైజన్స్‌ను పరిశీలించారు. ఎక్కువ ఆడినవారిలో సంతోషం కొద్దిగా ఎక్కువ కనిపించింది. ఆడటంవల్ల సంతోషమో, సంతోషంగా ఉన్నవాళ్లే ఎక్కువ ఆడారో అది తేల్చలేదు. 2022లో అదే బృందం దాదాపు 39,000 మందితో, ఏడు ఆటలతో చేసిన పెద్ద అధ్యయనంలో ఆట సమయానికీ మానసిక స్థితికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఎంతసేపు ఆడారన్నదానికంటే, ఇష్టంతో ఆడుతున్నారా, ఆడకుండా ఉండలేక ఆడుతున్నారా అన్నదే ఆ ఫలితాల్లో తేడా చూపింది.